లగ్గానికి రాలేమని చెప్పుడెట్ల? అబద్ధం లేకుండ, మర్యాద చెడకుండ

మన లగ్గం పత్రికలల్ల పిలిచే మాటలు మస్తుగ ఉంటయి. సకుటుంబ సపరివార సమేతంగ రమ్మని ఉంటది, వధూవరులను ఆశీర్వదించి విందు ఆరగించమని ఉంటది. రాలేనోళ్లు ఏం జెయ్యాలెనో మాత్రం ఎక్కడ ఉండది. ఇంగ్లీషోళ్ల పత్రికల అడుగున వచ్చేది రానిది ఫలాన తారీఖు లోపట చెప్పుమని ఒక లైన్ రాస్తరు. అంటే కాదని చెప్పేతందుకు అక్కడ పత్రికనే జాగ ఇస్తది. మన దగ్గర ఆ జాగ లేదు. అందుకే ఎవలు పిలిచినా నోట్లెకెళ్లి ‘తప్పకుండ వస్తం’ అనే మాటనే ఎల్తది. పోయేది లేదని మనసుకు ఎరికే, ఎదుటోళ్లకు గూడ సగం ఎరికే. లగ్గమయినంక ఎక్కడన్న ఎదురుపడ్తే అప్పుడు కారణం పుట్టియ్యాలె.

గీ కథ దగ్గరి సుట్టాల గురించి కాదు. అక్క బిడ్డ లగ్గం, పాలోళ్లింట్ల లగ్గం అంటే ఎట్లయినా పోతం. ఏడాదికొక్కసారి గూడ ఫోన్ మాట్లాడని, వరుస మాత్రం చెప్పుకునే సుట్టాలు ఉంటరు సూడుండ్రి, అమ్మమ్మ అక్క మనుమలు, నాయినకు మేనత్త దిక్కోళ్లు, వాళ్ల సంగతి ఇది.

సింగరేణి దిక్కు ఈ తిప్పలు ఇంకింత ఎక్కువ. కొత్తగూడెం, ఇల్లందు మొదలు భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి దాక ఆరు జిల్లాలల్ల బొగ్గుబాయిలున్నయి. ఏడేడి ఊర్లకెళ్లో కొలువుకొచ్చినోళ్లు, బదిలీల మీద తిరిగినోళ్లు ఈ పట్టి పొడుగూత పరుసుకొని ఉన్నరు. కాసిపేట బాయిల మీద పని చేసేటాయనకు మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చిందంటే ఇంట్ల టీవీ మీద నాలుగైదు పత్రికలు కూడుతయి. అన్నిటికి పోతే జీతం చాలది, మస్టర్లు నిలవయి. పోకపోతే మాటలు పడాలె.

అబద్ధం బాయి మీద నిలవది

పట్నంల ఉండేటోడు ‘ఆఫీసుల లీవియ్యలే’ అంటే సుట్టాలు నమ్ముతరు, ఎందుకంటే వాళ్లకు ఆ ఆఫీసు తెల్వది. సింగరేణిల అట్ల కాదు. పిలిచినాయన బాయి మీదోడే, లేకుంటే ఆయన బామ్మర్ది మీ షిఫ్టుల ఉంటడు. లీవు కానూను ఇద్దరికీ ఒక్కటే. 1952 గనుల చట్టం నడిచిననాడు భూమి లోపట పని చేసేటోళ్లు ఏడాదిల 190 మస్టర్లు నింపాల్సుండె, పైన పని చేసేటోళ్లు 240 నింపాల్సుండె. లోపటోళ్లకు 15 మస్టర్లకు ఒక దినం లెక్కన జీతంతోటి సెలవొస్తది, పైనోళ్లకు 20 మస్టర్లకు ఒకటి. ఆ సెలవు కావాలంటే ముందుగాల అర్జీ పెట్టుకోవాలె. పత్రిక మూడు వారాల ముందుగాలనే ముట్టినప్పుడు ‘లీవు దొరకలే’ అంటే, అర్జీ పెట్టనే లేదని పిలిచినాయనకు అప్పుడే సమజైతది.

‘పానం బాగలేకుండె’ అన్నా గంతే. అట్ల చెప్పిన్నాడు మస్టర్ పడ్డదా లేదా అన్నది టీ కొట్టు కాడ ఒక్క మాటల తేలిపోతది. ఒకవేళ నమ్మిండ్రే అనుకుందాం, అది ఇంకా కష్టం. పండ్లు పట్టుకొని సూడవస్తరు. ‘పైసలకు ఇబ్బంది’ అందామంటే దసరా ముంగట లాభాల వాటా ఎంతొచ్చిందో పేపర్లనే వస్తది. ‘పాలోళ్లల్ల ఎవలో పోయిండ్రు, మైల ఉన్నది’ అనేటోళ్లు గూడ ఉన్నరు. ఆ మాట ఆడితే ఎవలు, ఎప్పుడు, ఏ ఊర్ల అని అడుగుతరు. లేని సావును ఇంటికి తెచ్చుకున్నట్టయితది.

అబద్ధం బయటవడ్డంక ఎదుటోళ్లకు బాధ అయ్యేది రాకపోయినందుకు కాదు. ‘మాకు నిజం చెప్పేటంత గూడ ఇలువ ఇయ్యలే’ అన్నందుకు అయితది. రాని సుట్టాన్ని నాలుగొద్దులల్ల మర్చిపోతరు. అబద్ధమాడిన సుట్టాన్ని మాత్రం ప్రతి దావత్ల యాది చేసుకుంటరు.

ఒక్క పిలుపుల మూడు బాకీలు

రాలేమని చెప్పుడు ఎందుకు బరువనిపిస్తదంటే, మనం మూడు సంగతులను ఒక్కటే అనుకుంటం. పిలుపుల మొదటి బాకీ జవాబు. ‘నీ పిలుపు ముట్టింది, సంతోషం’ అని తిరిగి చెప్పాలె. రెండోది కట్నం. మన ఇంట్ల లగ్గమైనప్పుడు వాళ్లు సదివించింది మన బుక్కుల రాసి ఉంటది, అది తిరిగి ముట్టాలె. మూడోది మనిషి పోవుడు.

దూరపు సుట్టాలకు మూడో బాకీ అన్నిటికన్న చిన్నది. మందిల నువ్వు వచ్చినవా రాలేదా అన్నది లగ్గం నాడు పెండ్లిపిల్ల నాయిన సూసే తీరిక ఉండది. మూడొద్దులకు కట్నాల బుక్కు ముంగటేసుకొని కూసున్నప్పుడు సూస్తరు. అందుల నీ ఇంటిపేరు ఉండాలె. అంతకుముందే నీ నోటితోటి ఒక జవాబు పోయి ఉండాలె. ఈ రెండూ సక్కగ అయితే మనిషి రాని లోటు ఎక్కువ కనవడది. మనమేం జేస్తమంటే, పోలేమన్న సిగ్గుతోటి జవాబు గూడ ఇయ్యం, కట్నం గూడ పంపం. ఒక్కటి తప్పాల్సిన కాడ మూడు తప్పుతం. మర్యాద చెడేది అక్కడ.

జవాబు ఎట్ల ఇయ్యాలెనో పిలిచిన తీరే చెప్తది. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచినోళ్లకు వాట్సాప్ల మెసేజ్ పెట్టుడు తక్కువ చేసుడే. వాళ్లకు ఫోన్ చేసి, ఇంటి పెద్దతోటి నోటితోటే చెప్పాలె. ఫోన్ చేసి పిలిచినోళ్లకు ఫోనే. వాట్సాప్ల పత్రిక మాత్రమే పంపినోళ్లకు మెసేజ్ సరిపోతది, గని సుట్టాల గ్రూపుల పెట్టొద్దు. గ్రూపుల ఒకరు ‘రాలేకపోతున్నం’ అని పెడ్తే ఎనుకనే నలుగురు ‘మేం గూడ’ అని పెడ్తరు. లగ్గమోళ్ల గుండె పలుగుతది. వాళ్ల నంబరుకే సక్కగ పంపాలె.

గడప కాడ బొట్టు తీసుకొని ఏమనాలె

అన్నిటికన్న కష్టమైన ఘడియ ఇదే. బొట్టుపెట్టె పట్టుకొని ఆలుమొగలిద్దరు గడప కాడ నిలవడ్తరు. అప్పుడే ‘మేం రాం’ అంటే శుభం పలికే నోటికాడ అపశకునం పలికినట్టయితది. ‘తప్పకుండ వస్తం’ అంటే అబద్ధమయితది.

ఈ రెంటి నడుమ ఒక తొవ్వ ఉన్నది. బొట్టు పెట్టిచ్చుకోవాలె, కూసోబెట్టి చాయ పొయ్యాలె, పిల్లగాడు ఏం జేస్తడు, ఫంక్షన్ హాల్ ఏడ అని అడగాలె. ‘లగ్గం మంచిగ జరగాలె, పిల్ల సల్లగుండాలె’ అనాలె. అందుల ఏ ఒక్క మాట అబద్ధం కాదు. పత్రిక మిమ్ములను మొట్టమొదలు అడిగేది గూడ ఆశీర్వాదమే గద. వాళ్లు లేసేముంగట ‘వస్తరు గద?’ అని అడుగుతరు. దానికి ‘ఇంట్ల మాట్లాడుకొని రెండొద్దులల్ల నేనే ఫోన్ చేసి చెప్త’ అనాలె. ఇది తప్పించుకునే మాట కావొద్దంటే ఆ రెండొద్దులల్ల ఫోన్ పోవాలె. పోకపోతే ఇది గూడ ‘చూద్దాం’ అసొంటిదే అయితది.

‘చూద్దాం’, ‘వీలైతే వస్తం’ అనే మాటలు మెత్తగ వినవడ్తయి గని, లగ్గం చేసేటోళ్లకు నష్టం వాటితోటే. వంటోళ్లకు ప్లేట్ల లెక్క మూడు నాలుగొద్దుల ముందుగాల చెప్పాలె. వీలైతే వస్తమన్న నలుగురున్న ఇల్లును లెక్కల పట్టుకోవాల్నా వద్దా? పట్టుకుంటే ప్లేట్ల పైసలు దండుగ. పట్టుకోకపోతే వచ్చిన్నాడు ఇజ్జత్ పోతది. వారం ముందుగాల సాఫ్‌గ చెప్పిన ‘రాలేం’ వాళ్లకు పైసలు మిగులబెడ్తది.

రాను, రాలేను, రాలేకపోతున్నం

మన భాషల గీ మాటకు మెట్లున్నయి. ‘రాను’ అంటే నాకు ఇష్టం లేదని. అది కొట్లాట మాట. ‘రాలేను’ అంటే శక్తి లేదని, గని ఒంటిగ అంటే తలుపు మూసినట్టు వినవడ్తది. ‘రాలేకపోతున్నం’ అంటే రావాలనే ఉన్నది, అయితలేదని. అందుల బాధ గూడ ఉంటది. ‘నేను’ కన్న ‘మేం’ మంచిది, ఎందుకంటే పిలుపు ఇంటికి వచ్చింది, జవాబు గూడ ఇంటికెళ్లే పోవాలె. ‘కుదరదు’ అనొద్దు, అది పెద్దసారు అర్జీ తిప్పికొట్టినట్టుంటది. ‘ఈసారి వీలు పడ్తలేదు’ అంటే రాకపోవుడు ఈ ఒక్క లగ్గానికే అని తెలుస్తది.

కారణం చెప్పాల్నా? నిజమైంది, చెప్పేతందుకు సిగ్గులేనిది ఒకటుంటే ఒక్కటే చెప్పాలె. రెండు మూడు చెప్తే ఏదీ నమ్మరు. ఆ కారణం ఎసొంటిది కావాల్నంటే, రేపు ఆయన మస్టర్ బుక్కు తెరిచి సూసినా నిలవాలె. మనసు కలవక పోవుడు, పాత భూమి పంచాయితి, అప్పుల తిప్పలు అసొంటియి ఉంటయి, అవి చెప్పలేం. అప్పుడు కారణమే చెప్పొద్దు. ‘ఈసారి రాలేకపోతున్నం, ఏమనుకోకుండ్రి’ అంటే చాలు. కారణం చెప్పకపోవుడు అబద్ధం కాదు. లేనిది అల్లుడే అబద్ధం.

ఒక ఇంటి లెక్క

కాసిపేట బాయిల లోపట పని చేసేటాయన ఒకాయన ఉన్నడనుకుందాం. కొత్తగూడెంకెళ్లి పత్రికొచ్చింది. వాళ్లమ్మకు పెద్దమ్మ బిడ్డ ఉన్నది, ఈయనకు పెద్దమ్మ వరుస. ఆమె కొడుకు, ఈయనకు అన్న. ఆ అన్న బిడ్డ లగ్గం. ముందుగాల ఫోన్ల పిలిచిండ్రు, ఎనుక పత్రిక పంపిండ్రు. అదే నెలల ఈయన సొంత అక్క బిడ్డ లగ్గం గూడ ఉన్నది. మేనమామ తానే, బట్టలు పెట్టుడు, పిల్లను పీటల మీదికి తెచ్చుడు అన్నీ తన మీదనే ఉన్నయి.

జీతం సెలవులు ఎనిమిది మిగిలినయి. మేనకోడలు లగ్గానికి ఆరు కావాలె. కొత్తగూడెం పోను ఒక దినం, రాను ఒక దినం. లెక్కకు సరిగ్గ రెండు మిగులుతయి. అంటే ‘లీవు లేదు’ అన్నది అబద్ధమే. ఆ రెండూ వాడుకుంటే రేపు ఇంట్ల ఎవలికన్న పానం బాగలేకపోతే నాగా పెట్టాల్సిందే. నలుగురికి రానుపోను కిరాయి, కట్నం కలిపితే మేనకోడలుకు పెట్టే దాంట్ల కోత పడ్తది. నిజమైన కారణం ఇది: రెండు దిక్కుల నిలవడే శక్తి లేదు. ఇది చెప్పుకునేతందుకు సిగ్గేమీ లేదు.

ఒకటే జాగ్రత్త. ‘మాకు దగ్గరి లగ్గం ఉన్నది’ అనొద్దు. అట్లంటే మీరు దూరపోళ్లని మొఖం మీదనే అన్నట్టు. ‘మేనమామను నేనే’ అంటే అది తన బాధ్యత గురించిన మాటయితది. సుట్టరికం కొలిచినట్టు ఉండది.

పత్రిక ముట్టిన రెండో దినం మాపటికి, షిఫ్టు దిగి తిన్నంక ఫోన్ చేస్తడు.

“అన్నా, పత్రిక ముట్టింది. బిడ్డ లగ్గం కుదిరిందంటే శానా సంతోషమయింది. ఒక్క మాట ముందుగాలనే చెప్దామని చేసిన. ఈ లగ్గానికి మేం రాలేకపోతున్నమే. ఈ నెలలనే మా అక్క బిడ్డ లగ్గం ఉన్నది, మేనమామను నేనే. రెండు దిక్కుల నిలవడే శక్తి అయితలేదు. ప్లేట్ల లెక్కల మమ్ముల పట్టుకోకు.”

“అదేందిరా, మేమంత పరాయోళ్లమైనమా? ఒక్కనివన్న పొద్దుగాల వచ్చి మాపటికి పోరాదు.”

“పరాయి అనుకుంటే ఫోన్ చేద్దునా అన్నా. నువ్వు పానం పెట్టి పిలుస్తున్నవ్, నాకెరికే. గని ఈసారి వీలు పడ్తలేదు, ఏమనుకోకు. పెద్దమ్మకు ఒకసారి ఫోనియ్యి, ఆమెకు గూడ నేనే చెప్త.”

ఈ మాటలల్ల సూడాల్సింది రెండోసారి అడిగినప్పటి జవాబు. మన దగ్గర రెండుసార్లు అడుగుడు మర్యాద. అడగకపోతే మొక్కుబడికి పిలిచినట్టయితది. అందుకే ఆ రెండో పిలుపుకు భయపడి కొత్త కారణం తియ్యొద్దు. ‘పోరగాండ్ల పరీక్షలు గూడ ఉన్నయి’ అన్నరనుకో, ఆయన పరీక్ష తారీఖు అడుగుతడు, మాట పలుగుతది. మొదటి మాటనే మెత్తగ మళ్ల చెప్పాలె. పెద్దమ్మతోటి మాట్లాడుడు గూడ ఊకెనే కాదు. దూరపు సుట్టరికంల అలిగేది ఎక్కువ పెద్దోళ్లే. ఆమెతోటి సొంతంగ చెప్తే రేపు ఎవలన్న ‘వాడు రాలేదేందే’ అని అడిగినా ఆమెనే జవాబు చెప్తది.

వాట్సాప్ల పత్రిక వచ్చుంటే గిదే మాట చిన్నగ రాయొచ్చు: ‘అన్నా, పత్రిక ముట్టింది, శానా సంతోషం. ఈసారి లగ్గానికి రాలేకపోతున్నం, ఏమనుకోకు. పిల్లకు మా ఇంటిల్లిపాది దీవెనలు. వదినకు, పెద్దమ్మకు చెప్పు.’ బొమ్మలు, దండాలు ఎక్కువ పెడ్తే మాట పల్చనయితది.

కట్నం ముట్టాలె, బుక్కుల రాయాలె

ఇగ ఇంట్ల ఉన్న పాత కట్నాల బుక్కు తియ్యాలె. ఆ అన్న నాలుగేండ్ల కింద ఈయనింట్ల 516 రూపాయలు సదివించిండు అనుకుందాం. తిరిగి 516 అయినా, ఇప్పటి ధరలు సూసి 1,016 అయినా సరిపోతది. రాలేదన్న మొఖమాటంతోటి 5,000 పంపొద్దు. అట్ల పంపితే రాకపోయినందుకు జుర్మానా కట్టినట్టుంటది, పైంగ రేపు వాళ్లు అంత తిరిగి పెట్టాలె. దూరపు సుట్టపోళ్ల మీద బరువు పెట్టుడు మర్యాద కాదు.

పంపుడు ఎట్లంటే, అదే లగ్గానికి పోయే సుట్టాలు ఎవలన్న ఉంటే కవర్ల పెట్టి, పైన ఇంటిపేరు, పేరు, ఊరు రాసి ఇచ్చుడు అన్నిటికన్న మంచిది. నేరుగ బుక్కు రాసేటాయన చేతికి పోతది. ఫోన్ల పైసలు కొడ్తే లోపం ఏందంటే, అవి పెండ్లిపిల్ల నాయిన ఖాతాల పడ్తయి, లగ్గం సందట్ల ఆయన మర్చిపోతడు, బుక్కుల పేరెక్కది. అయిదేండ్లకు వాళ్లు బుక్కు తీస్తే మీరు పెట్టనట్టే. కాబట్టి ఫోన్ల కొడ్తే ‘బుక్కుల రాయియ్యి అన్నా’ అని ఒక్క మాట తోడు చెయ్యాలె. అది ఆశ కాదు, లెక్క సాఫ్‌గ ఉండాలని.

లగ్గం పొద్దుగాల ఫోన్ చేసి దీవెనలు చెప్పుడు వద్దు. ఆ పూట ఫోన్ ఎత్తేటోడు గూడ ఉండడు. మూడు నాలుగొద్దులయినంక చేసి ‘మంచిగయిందా, పిల్ల అత్తగారింటికి పోయిందా’ అని అడగాలె. రాలేమన్నోడు మళ్ల ఫోన్ చేసిండంటే రాలేమన్న మాట నిజమేనని అర్థమైతది. ‘తర్వాత వచ్చి పిల్లను సూసిపోతం’ అన్న మాట మాత్రం పోయేది ఉంటేనే అనాలె. లేకుంటే ఒక అబద్ధం తప్పించి ఇంకోటి చెప్పినట్టయితది.

ఎక్కడ గీ తీరు పనిచెయ్యది

కొన్ని పిలుపులకు ఫోన్, కవరు చాలయి. మీ ఇంట్ల సావయినప్పుడు వచ్చి నిలవడ్డోళ్ల శుభకార్యానికి మనిషి పోవాల్సిందే, ఎంత దూరపోళ్లయినా. మొన్న మీ పిల్ల లగ్గానికి అంత దూరంకెళ్లి వచ్చినోళ్లకు గూడ గంతే. మాటలు బందై, ఈ పిలుపుతోటే మళ్ల కలుస్తున్నోళ్లకు రాలేమంటే పాత పంచాయితే తిరిగి లేస్తది. గిసొంటి కాడ ఇంటిల్లిపాది పోలేకపోతే ఒక్కరన్న పోవాలె. ఇంటికొకరు పోతే ఇల్లు పోయినట్టే అన్నది మన దగ్గర అందరు ఒప్పుకునే లెక్క. చేతికొచ్చిన కొడుకు పోయినా, ముసలి నాయిన పోయినా ఆ ఇంటిపేరు నిలవడ్తది.

అన్నీ సక్కగ చేసినా అలిగేటోళ్లు అలుగుతరు. ఆ సంగతి ఫోన్ల తెల్వది. వాళ్లింట్ల ముందు ముందు కార్యమైనప్పుడు తెలుస్తది. పత్రిక మళ్ల వస్తే మాట నిలిచినట్టు. పత్రిక రాకుండ కబురు మాత్రం ఇంకొకరి నోటితోటి వస్తే అలిగినట్టు. అప్పుడు మీ ఇంట్ల కార్యానికి మీరే ముందుగాల పోయి బొట్టు పెట్టి పిలిస్తే సగం దిగుతది. అట్ల పోయిన్నాడు ఎనుకటి లగ్గం గురించి దాసుకునేది ఏదీ లేకపోతే కండ్లల్ల కండ్లు పెట్టి పిలవచ్చు. అబద్ధం చెప్పినోడు ఆ గడప ఎక్కేముంగట ఎనుక ఏం చెప్పిండో యాది చేసుకోవాలె.